తొంభై పర్సంటైల్ అంటే తొంభై శాతం కాదు

జేఈఈ మెయిన్ స్కోర్‌కార్డులో కనిపించే 91.2500000 లాంటి అంకె మార్కుల శాతం కాదు, వరుసలో అభ్యర్థి నిలబడిన చోటు. ఒక షిఫ్టులో 40,000 మంది పరీక్ష రాశారని, ఒక అమ్మాయికి 300కి 110 మార్కులు వచ్చాయని అనుకుందాం. ఆమెతో కలిపి, 110 గానీ అంతకు తక్కువ గానీ వచ్చినవారు 36,500 మంది ఉంటే, ఆ సంఖ్యను 40,000తో భాగించి 100తో గుణిస్తారు. వచ్చేది 91.25. మార్కులు 37 శాతమైనా దాటలేదు, అయినా ఆమె కన్నా ముందున్నది 3,500 మందే. పక్క షిఫ్టులో పేపరు కఠినంగా వస్తే ఇదే పర్సంటైల్‌కి ఇంకా తక్కువ మార్కులు చాలు. షిఫ్టుల మధ్య పోలికకు పర్సంటైల్‌ని వాడేది అందుకే.

ఈ వరుసనే నాలుగు సమాన ముక్కలు చేస్తే 25, 50, 75 పర్సంటైళ్ల దగ్గర పడే గీతలు క్వార్టైళ్లు. పది ముక్కలు చేస్తే డెసైళ్లు. 90 దాటితే పై డెసైల్. ముక్కలు మనుషుల లెక్కలో సమానమే కానీ, మార్కుల లెక్కలో కావు. ఎక్కువమంది మార్కులు ఒకే చోట గుమిగూడతాయి కాబట్టి అక్కడ ఒక్క ప్రశ్న సరిచేసుకున్నా పర్సంటైల్ చాలా పైకి జరుగుతుంది. పైకి వెళ్లేకొద్దీ ఒక్క పర్సంటైల్ పెరగడానికే ఎన్నో మార్కులు కావాలి.

స్కోర్‌కార్డులో భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలకు విడివిడిగా ఉన్న పర్సంటైళ్లను కూడి మూడుతో భాగించినా మొత్తం పర్సంటైల్ రాదు. దాన్ని మొత్తం మార్కుల మీద వేరుగా లెక్కిస్తారు. మూడింటిలోనూ 90 దగ్గర ఉన్నవారికి మొత్తంలో అంతకన్నా ఎక్కువే వస్తుంటుంది, ఎందుకంటే మూడింటిలోనూ ముందుండేవారు కొద్దిమందే.

పై డెసైల్ అనగానే ఇంట్లో స్వీట్లు పంచేయడం సహజమే. అయితే 2024లో రెండు విడతల్లో కలిపి సుమారు 14 లక్షల మంది పరీక్ష రాశారు. అందులో పదో వంతు అంటే 1,40,000 మంది. సరిగ్గా 90 వచ్చినవారి ర్యాంకు దాదాపు ఆ అంకె దగ్గరే ఉంటుంది. 99 వస్తే అది 14,000కి దిగుతుంది. పేరుకు ఇద్దరిదీ పై డెసైలే. జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు జనరల్ కటాఫ్ 2023లో 90.78 ఉంటే, 2024లో 93.24కి చేరింది. అడ్వాన్స్‌డ్‌కు పంపేవారి సంఖ్య రెండున్నర లక్షలుగా స్థిరంగా ఉండి, రాసేవారు పెరిగితే కటాఫ్ పైకి పోవాల్సిందే. 92 వచ్చిన జనరల్ అభ్యర్థి 2023లో అడ్వాన్స్‌డ్‌కు అర్హుడే, 2024లో కాదు.

వందలోంచి పర్సంటైల్‌ని తీసేసి, మిగిలినదాన్ని రాసినవారి సంఖ్యతో గుణించి 100తో భాగిస్తే ర్యాంకు అంచనా దొరుకుతుంది. అది అంచనా మాత్రమే. రెండు విడతలు రాసినవారి మెరుగైన స్కోరునే ర్యాంకుకు తీసుకుంటారు కనుక అసలు ర్యాంకు కొంత అటూ ఇటూ అవుతుంది.