బరువు 152: ముక్కలు పట్టించే అణువు

కర్పూరం, వెనిల్లా వాసనకు మూలమైన వెనిలిన్, నొప్పుల బామ్ మూత తీయగానే గుప్పుమనే మిథైల్ శాలిసిలేట్, క్రీములు పాడవకుండా కలిపే మిథైల్ పారాబెన్. ఈ నాలుగూ వేర్వేరు పదార్థాలే అయినా అణుభారం మాత్రం అన్నిటికీ 152. కొన్ని బామ్‌లలో కర్పూరమూ, మిథైల్ శాలిసిలేటూ పక్కపక్కనే ఉంటాయి కూడా. అలాంటి ఒక బామ్‌ను ద్రావణిలో కరిగించి, గ్యాస్ క్రొమటోగ్రాఫ్ గుండా పంపి, అందులోని పదార్థాలను విడదీశామనుకుందాం. వాటిలో ఒకటి మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి చేరింది. తెర మీద 152 దగ్గర ఒక గీత నిలిచింది. అది ఏ పదార్థమో ఎలా తేలుస్తారు?

పరికరం లోపల గాలి ఉండదు. అక్కడికి ఆవిరిగా వచ్చిన అణువుల మీద 70 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల ఎలక్ట్రాన్లు దూసుకొస్తాయి. ఆ తాకిడికి అణువు ఒక ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుని ధనావేశం పొందుతుంది. విరగకుండా ఆ స్థితిలో నిలిచినదే అణు అయాన్. దాని బరువే మొత్తం అణువు బరువు. ఎలక్ట్రాన్ ఊడటానికి సుమారు 10 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. పైగా అందిన శక్తిలో కొంత అణువులోనే ఉండిపోయి బంధాలను తెంచుతుంది. అలా పుట్టిన ముక్కల్లో ఆవేశం ఉన్నవే పరికరానికి కనిపిస్తాయి. ఆవేశం లేనివి ఏ గీతా గీయకుండా వెళ్లిపోతాయి. అందుకే స్పెక్ట్రమ్ చదివేవాళ్లు గీతల బరువులతో పాటు వాటి మధ్య తేడాలనూ లెక్కగడతారు. ఏం పోయిందో చెప్పేవి ఆ తేడాలే.

మన నమూనాలో ముఖ్యమైన గీతలు 152, 121, 120, 93, 92, 65. అన్నిటికంటే ఎత్తైనది 120. మొదట తేల్చుకోవలసింది 152 నిజంగా అణు అయానేనా అన్నది. దాని నుంచి కిందికి వచ్చే మొదటి పెద్ద తేడాలు 31, 32. ఒక అణువు మామూలుగా పోగొట్టుకోగల బరువులే అవి. అదే తేడా 5గానో, 10గానో ఉంటే అనుమానించాలి. అంత బరువున్న ముక్క అణువులోంచి ఊడి రావడం దాదాపు అసాధ్యం. అంటే అసలు అణు అయాన్ ఇంకా పైన ఎక్కడో ఉండి ఉండాలి. ఇక 152 సరిసంఖ్య కాబట్టి ఇందులో నైట్రోజన్ పరమాణువులు లేకపోవచ్చు, ఉంటే సరిసంఖ్యలోనే ఉంటాయి.

152 పక్కన 153 దగ్గర ఒక చిన్న గీత ఉంది. ప్రకృతిలోని కార్బన్‌లో సుమారు 1.1 శాతం ఒక యూనిట్ ఎక్కువ బరువుంటుంది. అందువల్ల అణువులోని ప్రతి కార్బన్‌కూ 153 గీత ఎత్తు, 152 గీతతో పోలిస్తే 1.1 శాతం చొప్పున పెరుగుతుంది. ఇక్కడ అది 9 శాతం దగ్గర ఉంది కాబట్టి ఎనిమిది కార్బన్లు ఉండాలి. కర్పూరంలో పది కార్బన్లుంటాయి, దానికైతే 11 శాతం రావాలి. కానీ నమూనా ఎక్కువైతే అణు అయాన్లు పక్క అణువుల నుంచి హైడ్రోజన్‌ను లాక్కుని 153ను పెంచేస్తాయి. రెండు శాతం తేడాను నమ్మి తీర్పు చెప్పలేం. బరువును దశాంశాల దాకా కొలిచే పరికరం ఆ సందేహం తీరుస్తుంది. కర్పూరం C₁₀H₁₆O బరువు 152.120, C₈H₈O₃ బరువు 152.047. మన నమూనా రెండోదానితో సరిపోయింది.

ఎనిమిది కార్బన్లున్న తెరిచిన గొలుసు గరిష్ఠంగా 18 హైడ్రోజన్లను పట్టుకుంటుంది. ఇక్కడున్నవి ఎనిమిదే, పది తక్కువ. ప్రతి రెండు హైడ్రోజన్ల లోటుకూ ఒక వలయమో, ఒక ద్విబంధమో ఉండాలి. మొత్తం ఐదు. బెంజీన్ వలయం ఒక్కటే నాలుగు లెక్కకు వస్తుంది. మిగిలిన ఒక్కటి కార్బన్, ఆక్సిజన్‌ల మధ్య ద్విబంధం కావచ్చు. కర్పూరం ఇక్కడికి తప్పుకుంది. మిగిలిన మూడింటి ఫార్ములా మాత్రం ఒక్కటే, C₈H₈O₃. ఇక వాటిని విడదీయగలిగేవి ముక్కలే.

వెనిలిన్‌లో ఆల్డిహైడ్ సమూహం ఉంది. అందులోని హైడ్రోజన్ తేలిగ్గా ఊడిపోవడంతో 151 దగ్గర పెద్ద గీత రావాలి. మన నమూనాలో అది లేదు. 152 నుంచి 121కి వస్తే పోయినది 31, అంటే మిథాక్సీ సమూహం. మిథైల్ ఎస్టర్లు ఇలాగే విరుగుతాయి. 121 నుంచి 28 బరువున్న కార్బన్ మోనాక్సైడ్ పోతే 93 మిగులుతుంది. ఇంకొకటి పోతే 65. మామూలు మిథైల్ బెంజోయేట్‌లో ఇవే మెట్లు 105, 77గా కనిపిస్తాయి. ఇక్కడ 16 చొప్పున ఎక్కువున్నాయంటే వలయం మీద మరో ఆక్సిజన్ ఉందన్నమాట. మిథైల్ పారాబెన్ స్పెక్ట్రమ్‌లో అన్నిటికంటే ఎత్తైనది 121.

మన నమూనాలో ఆ స్థానం 120ది. 152 నుంచి పోయినది 32, అంటే పూర్తి మిథనాల్ అణువు. మిథాక్సీకి అదనంగా ఒక హైడ్రోజన్ ఎక్కడి నుంచి వచ్చింది? వలయం మీది హైడ్రాక్సిల్ సమూహం ఎస్టర్‌కు సరిగ్గా పక్కనే ఉంటే దాని హైడ్రోజన్ మిథాక్సీ ఆక్సిజన్‌ను అందుకుంటుంది. రెండూ కలిసి మిథనాల్‌గా బయటపడతాయి. ఆ పైన కార్బన్ మోనాక్సైడ్ పోయి 92 వస్తుంది. హైడ్రాక్సిల్ వలయానికి అవతలి కొసన ఉన్న పారాబెన్‌లో ఆ హైడ్రోజన్ అంత దూరం చేరలేదు. దీన్నే రసాయనవేత్తలు ఆర్థో ప్రభావం అంటారు. నమూనా మిథైల్ శాలిసిలేట్ అయి ఉండాలి.

ఈ ఊహను పరీక్షించే దారి కూడా ఉంది. నమూనాను భారజలంతో కలిపితే హైడ్రాక్సిల్‌లోని హైడ్రోజన్ స్థానంలో రెట్టింపు బరువున్న డ్యుటీరియం చేరుతుంది. అణు అయాన్ 153కు జరుగుతుంది. మనం చెప్పిన దారి నిజమైతే ఆ డ్యుటీరియం మిథనాల్‌తోనే వెళ్లిపోవాలి. అప్పుడు 121 గీత 122కు జరగాలి, 120 మాత్రం ఉన్నచోటే ఉండాలి.

120, 92 కనిపించిన ప్రతిచోటా ఇదే తీర్పు చెప్పకూడదు. ఆస్పిరిన్ అణుభారం 180. కానీ దాని అణు అయాన్ చాలా బలహీనం. 42 బరువున్న కీటీన్ ఊడి 138, ఆపై నీరు ఊడి 120, ఆపై 92 వస్తాయి. 180 గీత కంట పడకపోతే 138నే మొత్తం అణువనుకుని శాలిసిలిక్ ఆమ్లమని రాసే ప్రమాదం ఉంది. ఎందుకంటే ఆ ఆమ్లం కూడా 138, 120, 92 గీతలే ఇస్తుంది. అనుమానం వస్తే అణువును విరగ్గొట్టకుండా ఒక ప్రోటాన్‌ను మాత్రమే అంటించే మృదువైన పద్ధతిలో మళ్లీ చూడాలి. ఆస్పిరిన్ అయితే 181 కనిపిస్తుంది.

స్పెక్ట్రమ్ చేతులెత్తేసే చోటు కూడా ఒకటుంది. పారాబెన్‌లో హైడ్రాక్సిల్ వలయానికి అవతలి కొసన ఉంటుంది. దాన్ని ఒక స్థానం ఇవతలికి జరిపితే వచ్చే మెటా రూపం కూడా 152, 121, 93, 65 గీతలనే ఇస్తుంది. కంప్యూటర్ లైబ్రరీ ఆ రెండింటికీ దాదాపు సమానమైన మార్కులు వేసి, ఒకదాని పేరు పైన చూపిస్తుంది. ఆ పేరును అలాగే నివేదికలోకి ఎక్కించకూడదు. స్వచ్ఛమైన నమూనాలు రెండింటినీ అదే క్రొమటోగ్రాఫ్‌లో నడిపి, ఏది ఎన్ని నిమిషాలకు బయటికొస్తుందో పోల్చాలి. లేదా ఎన్‌ఎంఆర్ తీయాలి. ఆ పని జరిగేదాకా నివేదికలో రాయదగినది ‘ఆర్థో కాని మిథైల్ హైడ్రాక్సీబెంజోయేట్’ అన్నంత వరకే.