జవాబు కోసం ఆగిన దూలం

డ్రాయింగుల్లో స్పష్టత లేనిచోట కాంట్రాక్టరు ఇంజనీరుకు రాతపూర్వకంగా పంపే ప్రశ్నను అమెరికా నిర్మాణరంగంలో ఆర్.ఎఫ్.ఐ. అంటారు. ప్రతి ప్రశ్నకూ ఒక సంఖ్య, పంపిన తేదీ, జవాబు రావలసిన తేదీ ఉంటాయి. గడువెంతో ఒప్పందం చెబుతుంది. గడువులోగా జవాబు వస్తే పని ఆలస్యం కాదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు.

ఒక సందర్భాన్ని ఊహిద్దాం. నాలుగో అంతస్తు స్లాబుకు వచ్చే వారం శుక్రవారం కాంక్రీటు పోయాలి. ఈ సోమవారం ప్లంబరు ఒక చిక్కు గమనించాడు. నాలుగంగుళాల మురుగునీటి గొట్టం ఒక దూలాన్ని దాటి వెళ్ళాలి. ఆ దూలం డ్రాయింగులో రంధ్రమే లేదు. నీరు తనంతట తాను పారాలంటే గొట్టానికి వాలు ఉండాలి, కాబట్టి దాన్ని ఇష్టమొచ్చినట్టు పైకి జరపలేరు. దూలం కిందుగా పోనిస్తే కింది గది ఎత్తు తగ్గుతుంది. అదేరోజు ప్రశ్న వెళ్ళింది. గడువు ఏడు పనిదినాలు.

ఇంజనీరుకు ఇది చిన్న ప్రశ్న కాదు. రంధ్రం స్తంభానికి రెండడుగుల దూరంలో పడుతోంది. దూలాన్ని కోసేసే బలం మామూలుగా అక్కడే ఎక్కువ. అందుకే స్టిరప్పులు (మన మేస్త్రీలు రింగులంటారు) అక్కడ దగ్గరదగ్గరగా ఉంటాయి. లెక్క మళ్ళీ చూడక తప్పదు. 1981లో కాన్సస్ సిటీ హయత్ రీజెన్సీ హోటల్లో వేలాడే నడవలు కూలి 114 మంది మరణించారు. వేలాడదీసే కడ్డీల అమరికలో చేసిన మార్పు ఒక అతుకుపై పడే బరువును రెట్టింపు చేసింది. ఆ అతుకుకు ఎవరూ లెక్క కట్టలేదు. తొందరపెట్టే కాంట్రాక్టర్లు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

జవాబు రెండో వారం బుధవారం సాయంత్రం వచ్చింది. రంధ్రానికి అటూ ఇటూ అదనపు రింగులు వేయమన్నారు. అవి వంచి, సైటుకు చేర్చి, కట్టేసరికి శుక్రవారం ముగిసింది. గురువారానికి పెట్టుకున్న తనిఖీ సోమవారానికి, కాంక్రీటు మంగళవారానికి జరిగాయి. ఎవరూ గడువు దాటలేదు. రెండు పనిదినాలు పోయాయి. పై అంతస్తు స్తంభాలు ఈ స్లాబు మీదే లేవాలి కనుక అవీ ఆగాయి. పంపు, కూలీల జట్టు ఈలోగా మరో సైటుకు కుదిరిపోతే నష్టం ఇంకా పెరుగుతుంది.

ముందు కాంక్రీటు పోసి తర్వాత తొలిస్తే? తొలిచే యంత్రం ఆ రింగులనే కోసే ప్రమాదముంది.

కాబట్టి ప్రశ్నల పట్టికలో ఏది ఎన్నాళ్ళుగా ఉందన్నదాని కంటే, ఏది ఏ పనిని ఆపుతోంది, జవాబు తర్వాత సామగ్రికి ఎన్నాళ్ళు పడుతుందన్నవి చూడాలి. రంగు గురించి నెలరోజులుగా ఉన్న ప్రశ్న ఏ పనినీ ఆపకపోవచ్చు. గొట్టం ప్రశ్నకు ‘డ్రాయింగు చూడండి’ అని మర్నాడే జవాబొస్తే పట్టికలో అది ముగిసినట్టే కనిపిస్తుంది. దూలం మాత్రం అలాగే ఉంటుంది.