ప్రోబ్‌కీ చర్మానికీ మధ్య గాలి

1950ల్లో అమెరికాలోని డెన్వర్‌లో డగ్లస్ హౌరీ అనే డాక్టరు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్‌కు రోగి నీళ్లలో మునిగి కూర్చోవాల్సి వచ్చేది. 1954లో ఆయన బృందం తయారుచేసిన యంత్రంలో రోగి తొట్టెలో ఉంటే ప్రోబ్ అతని చుట్టూ తిరిగేది. అలా తిప్పడానికి బి-29 బాంబర్ విమానంలో తుపాకీని తిప్పే భాగాలను వాడుకున్నారు. బొమ్మలు బాగానే వచ్చాయిగానీ, మంచం మీంచి లేవలేని మనిషిని తొట్టెలోకి దింపేదెలా?

అవే రోజుల్లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ప్రసూతి వైద్యుడు ఇయాన్ డొనాల్డ్, ఇంజినీరు టామ్ బ్రౌన్ ఇంకో దారి పట్టారు. రోగిని పడుకోబెట్టి, పొట్టమీద ఆలివ్ నూనె రాసి, ప్రోబ్‌ను నేరుగా చర్మం మీద జరిపారు. 1958లో వాళ్లు లాన్సెట్ పత్రికలో రాసిన వ్యాసం వైద్యరంగాన్ని కదిలించింది. కడుపులో నయంకాని క్యాన్సరని డాక్టర్లు ఆశ వదులుకున్న ఒకామెకు స్కాన్ తీస్తే, అది అండాశయంలో పెరిగిన పెద్ద నీటితిత్తి అని తేలింది. ఆపరేషన్ చేసి తీసేశారు.

తొట్టెలో నీళ్లు, పొట్టమీద నూనె, ఇవాళ టిఫా స్కాన్‌కు వెళ్లిన గర్భిణికి చల్లగా తగిలే జెల్... ఈ మూడూ ఉన్నది ఒకే పనికి. ప్రోబ్‌కీ ఒంటికీ మధ్య గాలి లేకుండా చేయాలి. చర్మం మెత్తబడటానికో, ప్రోబ్ సులువుగా జారడానికో జెల్ రాస్తారనుకునేవాళ్లున్నారు. జారుడు కూడా పనికొచ్చేదే, కానీ అది కొసరు లాభం.

గాలి అంత అడ్డెందుకు? ప్రతి పదార్థానికీ ధ్వనికి సంబంధించి ఒక గుణం ఉంటుంది. ఆ పదార్థం సాంద్రతను అందులో ధ్వని వెళ్లే వేగంతో గుణిస్తే వచ్చే విలువ అది. దాన్ని అకౌస్టిక్ ఇంపీడెన్స్ అంటారు, రేల్స్‌లో కొలుస్తారు. గాలి పలచన, పైగా అందులో ధ్వని నెమ్మదిగా వెళుతుంది కాబట్టి దాని ఇంపీడెన్స్ సుమారు 400 రేల్స్. కండ, కాలేయం వంటి మెత్తటి కణజాలానికి అది దాదాపు 16 లక్షలు. ధ్వని ఒక పదార్థంలోంచి ఇంకోదానిలోకి దాటేచోట ఈ రెండు అంకెలకూ ఎంత తేడా ఉంటే అంత ఎక్కువ భాగం వెనక్కి తిరుగుతుంది.

లెక్క పెద్ద కష్టమేమీ కాదు. రెండు విలువల తేడాను వాటి మొత్తంతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించాలి. గాలికీ ఒంటికీ మధ్య తేడా 15,99,600, మొత్తం 16,00,400. భాగిస్తే 0.9995, దాన్ని దానితో గుణిస్తే 0.999. అంటే వెయ్యి పాళ్ల ధ్వనిలో 999 చర్మం దగ్గరే వెనక్కి మళ్లుతాయి, ఒక్క పాలు లోపలికి పోతుంది. బావిలో మునిగినవాడికి గట్టుమీద అరుపులు సరిగా వినపడనిదీ ఇందుకే.

గాలి స్థానంలో జెల్ పెట్టి ఇదే లెక్క మళ్లీ వేస్తే అంకెలు తలకిందులవుతాయి. జెల్ ఇంపీడెన్స్ 15 లక్షలనుకుంటే తేడా ఒక లక్ష, మొత్తం 31 లక్షలు. వెనక్కి తిరిగేది వెయ్యిలో ఒక్క పాలు, లోపలికి పోయేది 999.

ప్రోబ్‌ను గట్టిగా అదిమితే సరిపోదా అనిపించవచ్చు. సరిపోదు. పొట్ట స్కాన్‌లో వాడే ధ్వని సెకనుకు సుమారు 35 లక్షల సార్లు కంపిస్తుంది. ఆ కంపనాలకు మిల్లీమీటరులో వెయ్యో వంతు మందమున్న గాలి పొర అడ్డుపడినా, పదివేల పాళ్లలో ఒక పాలు కూడా అవతలికి చేరదు. చర్మం ముడతల్లో, నూగు వెంట్రుకల చుట్టూ చిక్కుకునే గాలి అంతకన్నా మందంగానే ఉంటుంది.

ఇక్కడ తరచుగా వినిపించే పొరపాటు ఒకటుంది. ప్రోబ్‌లోని స్ఫటికానికీ చర్మానికీ మధ్య ఉన్న తేడాను జెల్ సర్దుతుందంటారు. అది జెల్ వల్ల కాదు. ధ్వనిని పుట్టించే ఆ సిరామిక్ స్ఫటికం ఇంపీడెన్స్ మూడు కోట్ల రేల్స్ దాకా ఉంటుంది. అది నేరుగా ఒంటికి తాకినా నూటికి ఎనభై పాళ్లు వెనక్కే వస్తాయి. దాన్ని సర్దడానికి ప్రోబ్ లోపల, స్ఫటికం ముందు ప్రత్యేకమైన పొర అతికిస్తారు. దాని ఇంపీడెన్స్ రెండిటికీ నడుమ, 70 లక్షల దగ్గర ఉంటుంది. మందం సరిగ్గా తరంగం పొడవులో నాలుగో వంతు. అప్పుడు ఆ పొర ముందు ముఖం నుంచి, వెనక ముఖం నుంచి తిరిగివచ్చే అలలు ఎదురుబొదురై ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. కాబట్టి తిప్పలన్నీ ప్రోబ్ లోపలే తీరిపోతాయి. జెల్ చేయాల్సిందల్లా ఒంటిలాగే ఉంటూ సందులు పూడ్చడం.

ఆ పని నీళ్లూ చేస్తాయి, కాకపోతే కారిపోతాయి. నూనె బట్టలకంటుతుంది, కొన్ని నూనెలు ప్రోబ్ ముఖం మీది రబ్బరును పాడుచేస్తాయి. అందుకే నీటినే కార్బోమర్ అనే పదార్థంతో చిక్కబరిచి, త్వరగా ఆరకుండా గ్లిజరిన్ వంటిది కలిపి జెల్ తయారుచేస్తారు. సీసాను తెగ ఊపితే అందులో బుడగలు చేరతాయి. ఏ గాలిని తరమాలని జెల్ రాశారో అదే గాలి జెల్‌తోపాటు వచ్చి కూర్చుంటుంది.

జెల్ చాలని సంగతి తెర మీదే తెలిసిపోతుంది. పక్కటెముకలు తేలిన సన్నటి మనిషిలో ప్రోబ్ ఒక అంచు పైకి లేచిందనుకుందాం. ఆ వైపున పైనుంచి కిందిదాకా నల్లటి పట్టీ పడుతుంది. పిత్తాశయంలో రాయి ఉన్నా కింద నల్లటి నీడ పడుతుంది కానీ, అది లోపల మెరిసే రాయి దగ్గర మొదలవుతుంది. పట్టు వదిలిన నీడ మాత్రం చర్మం గీత నుంచే మొదలవుతుంది. ఇంకాస్త జెల్ వేస్తే పోతుంది. ఎంత జెల్ వేసినా, ప్రోబ్‌ను ఎటు జరిపినా తెరమీద అదే చోట నిలిచే పట్టీ అయితే ప్రోబ్‌లోనే కొన్ని స్ఫటికాలు చెడిపోయాయని అనుమానించాలి.

ఇంతకీ ధ్వని అసలు వెనక్కి రాకపోతే బొమ్మే ఉండదు. కొవ్వు ఇంపీడెన్స్ 13.8 లక్షలు, కాలేయానిది 16.5 లక్షలు. ఆ రెండూ కలిసేచోట తిరిగివచ్చేది నూటికి ఒక పాలు కన్నా తక్కువ. ఆ చిన్న ప్రతిధ్వనే కాలేయం అంచును గీస్తుంది, మిగతాది ఇంకా లోతుకు సాగి తర్వాతి అవయవాలను చూపిస్తుంది.

ఒంటి లోపలి గాలి దగ్గరికి జెల్ చేరలేదు. పేగుల్లో గ్యాస్ ఉంటే దాని వెనకున్న క్లోమగ్రంథి కనపడదు. గర్భాశయం చూడాలంటే నీళ్లు తాగించి, మూత్రం ఆపుకోమనేది ఇందుకే. నిండిన మూత్రాశయం గ్యాసున్న పేగులను పక్కకు నెడుతుంది, తాను ధ్వనికి దారి ఇస్తుంది. ఆ కాసేపు లోపలి జెల్ అదేననుకోవచ్చు.

ఊపిరితిత్తుల సంగతి మరీ విచిత్రం. నిండా గాలే కాబట్టి అల్ట్రాసౌండ్ అక్కడ పనికిరాదని చాలాకాలం వదిలేశారు. చర్మం నుంచి 2 సెంటీమీటర్ల లోతున ఊపిరితిత్తి పొర ఉంటే, ధ్వని అక్కడ తగిలి ప్రోబ్‌కీ పొరకూ మధ్య అటూ ఇటూ తిరుగుతూ తెరమీద 4, 6, 8 సెంటీమీటర్ల దగ్గర దొంగ గీతలు గీస్తుంది. ఆ గీతలున్నాయంటే పొర కింద గాలి ఉన్నట్టే. ఊపిరితిత్తిలో నీరు చేరినప్పుడు ఆ గీతలు చెరిగి, పైనుంచి కిందికి తెల్లటి చారలు దిగుతాయి. ఇప్పుడు ఐసీయూల్లో ఆయాసంతో వచ్చిన రోగి ఛాతీమీద జెల్ రాసి డాక్టర్లు వెతికేవాటిలో ఈ చారలూ ఉంటాయి.