నిదానంలోనే మోత

బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీలో టోనీ అయోమీ కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. నొక్కడం తేలిక కావాలని తర్వాత గిటార్ తీగలను వదులు చేశాడు. 1971 నాటి బ్లాక్ సబ్బత్ ఆల్బమ్ 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లో కొన్ని పాటలకు శ్రుతిని మూడు అర్ధస్వరాలు దించాడు. డూమ్, స్టోనర్ మెటల్‌కు అది పునాది అయింది.

వీటిలో వాడే ఫజ్ పెడల్ ధ్వని తరంగాల శిఖరాలను కత్తిరిస్తుంది. దాంతో స్వరం గరగరలాడుతూ చాలాసేపు నిలుస్తుంది. ఆ మోత పూర్తిగా వినిపించాలంటే తర్వాతి స్వరం ఆగి రావాలి. అందుకే తరచూ నిమిషానికి 60, 70 దెబ్బల నడక. ఇదే ఫజ్‌తో వేగంగా వాయిస్తే స్వరాలన్నీ కలిసి ముద్దవుతాయి. 200 దెబ్బలు దాటే స్లేయర్ లాంటి థ్రాష్ బృందాలు అరచేతి అంచుతో తీగలను అదిమి, ప్రతి స్వరాన్నీ పొట్టిగా తుంచేస్తాయి.