ఆ రిబ్బన్లు నావేగా!

ఎవరో ఒకరు బీరువా సర్దుతుంటే పదో తరగతి గ్రూపు ఫొటో బయటపడుతుంది. అట్టకు అతికించి, కింద వరుసల వారీగా పేర్లు రాసిన ఫొటో. దాన్ని ఫోన్‌తో మళ్లీ ఫొటో తీసి పదిమందికీ కనిపించేలా పెడతారు. నాలుగు రోజులు గడిచేసరికి దాని కింద, ఎన్నో ఏళ్లుగా జాడ తెలియని స్నేహితురాలు రాసిన మాట ఒకటి కనిపిస్తుంది. సంతోషం పొంగుకొస్తుంది, దాని వెనకే గాభరా. ఏం రాయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? రేపు తీరిగ్గా రాద్దాంలే అనుకుంటాం. ఆ రేపు నెలలు దాటిపోతుంది. అప్పుడిక, ఇంతకాలం పలక్కుండా ఇప్పుడు రాస్తే ఏమనుకుంటుందో అనే బెరుకు కూడా తోడవుతుంది.

ఈ బెరుకు చాలామందిలో ఉందని మనస్తత్వ శాస్త్రవేత్తలు లారా ఆక్నిన్, గిలియన్ శాండ్‌స్ట్రామ్ 2024లో ప్రచురించిన పరిశోధన చెబుతోంది. పాత స్నేహితులతో మళ్లీ మాట్లాడాలని ఉన్నవాళ్లను, వాళ్ల వివరాలు చేతిలో ఉన్నవాళ్లను కూర్చోబెట్టి, మెసేజ్ రాసుకోవడానికి సమయం కూడా ఇచ్చారు. అయినా దాన్ని పంపినవాళ్లు మూడో వంతు మించలేదు. మరో ప్రయోగంలో కొందరిచేత ముందు మూడు నిమిషాల పాటు ఇప్పటి స్నేహితులకు మెసేజ్‌లు పెట్టించారు. అలా చెయ్యి ఆడించాక పాత స్నేహితులకు పంపినవాళ్లు 53 శాతానికి చేరారు. ఆ వార్మప్ లేనివాళ్లలో అది 31 శాతమే. అంటే అడ్డుపడేది ప్రేమ తగ్గిపోవడం కాదు, మొదటి వాక్యం.

ఆ మొదటి వాక్యం ఎలా ఉంటే ఇబ్బంది ఉండదో మా అక్క విషయంలో దగ్గరగా చూశాను. అక్క తెనాలి పక్క పల్లెలో జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివింది. ఫొటోలో ఆడపిల్లలంతా ఓణీల్లో ఉన్నారు, రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టుకుని. దాని కింద ఒకావిడ, "రెండో వరుసలో చివర నేనే. ఆ రిబ్బన్లు మాత్రం నావి కావు" అని రాసింది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారింది, తన ఫొటో ఉండాల్సిన చోట ఎవరో చిన్నబాబు బొమ్మ ఉంది. మన ఆడవాళ్లను వెతికి పట్టుకోవడం కష్టమయ్యేది ఇందుకే. రిబ్బన్ల మాట చదవగానే అక్కకు ఆమె ఎవరో తెలిసిపోయింది.

అయినా అక్క మొదట రాసుకున్న జవాబు ఇది: "హాయ్, చాలా హ్యాపీగా ఉంది. ఎలా ఉన్నారు? ఇన్నేళ్లూ టచ్‌లో లేనందుకు సారీ. మీవారు ఏం చేస్తారు? పిల్లలెంతమంది? ఎక్కడ సెటిలయ్యారు?"

ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ పెళ్లిచూపుల్లో వివరాలు కనుక్కుంటున్నట్టుంది. భర్త ఉద్యోగం, పిల్లల చదువు, ఊరు అన్నీ ఒకేసారి అడిగితే అవతలి మనిషి తన జీవితానికి లెక్క చెప్పాలి. అదీ క్లాసు మొత్తం చూస్తుండగా. పెళ్లి నిలవనివాళ్లు, పిల్లలు లేనివాళ్లు, ఉద్యోగం పోయినవాళ్లు అక్కడే ఆగిపోతారు. క్షమాపణ కూడా అంతే. "పర్లేదు, నేను కూడా పలకరించలేదుగా" అని మనల్ని ఓదార్చే పని వాళ్ల మీద పడుతుంది. ఇక ఒకే బెంచీ మీద కూర్చున్న మనిషిని "మీరు" అన్నామా, ఆవిడా "మీరు" అంటుంది. ఆ తర్వాత ఇద్దరూ దాన్నుంచి దిగడానికి తంటాలు పడాలి.

అక్క అదంతా చెరిపేసి ఇలా రాసింది: "నావేగా! కొత్త రిబ్బన్లు ఒక్కరోజన్నా కట్టకుండా ఎవరికిచ్చావే అని మా అమ్మ ఎంత తిట్టిందో. ఆ రోజు నీకు జడ వేసింది నేనా, లెక్కల మాస్టారి అమ్మాయా?"

కాసేపటికే జవాబొచ్చింది: "నువ్వే. ఎంత గట్టిగా లాగావో ఫొటోలో నా కనుబొమ్మలు చూడవే, నెత్తికెక్కాయి."

మధ్యలో పోయిన ఏళ్ల ఊసే లేదు. ఆమె ఎక్కడ మాట వదిలిందో అక్క అక్కడే అందుకుంది, తనకు గుర్తున్నది ఒకటి చేర్చింది, ఫొటోలోనే జవాబున్న చిన్న ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్నకు జవాబివ్వడానికి ఎవరూ తమ సంసారం విప్పి చూపక్కర్లేదు. పైగా అది నిజంగా ఆ మనిషేనా అన్నది కూడా తేలిపోతుంది. పాత పేరు పెట్టుకుని పరిచయం కలిపి, నాలుగో మాటకే అర్జెంటుగా డబ్బు అడిగే మోసగాళ్లు ఇప్పుడు తక్కువేం లేరు. జడ ఎవరు వేశారో వాళ్లకు తెలియదు. ఎవరైనా సరే డబ్బు మాటెత్తితే గొంతు విన్నాకే మిగతా విషయం.

రెండు మూడు మాటలయ్యాక అందరి ముందు నుంచి పక్కకు రావాలి. అక్క విడిగా, "నంబరిస్తావా? ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చెయ్యనా, నీకు కుదురుతుందా?" అని అడిగింది. ముందుగా చెప్పి చేయడమే మంచిది. చెప్పకుండా చేస్తే ఆమె పొయ్యి దగ్గరో, బస్సులోనో ఉంటుంది, "తర్వాత చేస్తా" దగ్గర ఆగిపోతుంది. చాలామంది ఫోన్ అంటే జంకి మెసేజ్‌లతోనే లాగుతారు. అమిత్ కుమార్, నికోలస్ ఎప్లీ అనే ఇద్దరు పరిశోధకులు సరిగ్గా దీన్నే పరీక్షించారు. కొందరిచేత పాత స్నేహితులకు ఫోన్ చేయించారు, మరికొందరిచేత ఈమెయిల్ రాయించారు. ఫోన్ అయితే ఇబ్బందిగా ఉంటుందేమోనని ముందు అనుకున్నారు. తీరా మాట్లాడాక ఈమెయిల్ కంటే ఇబ్బందేమీ ఎక్కువ లేదు, దగ్గరితనం మాత్రం ఎక్కువ కలిగింది.

ఆ ఆదివారం ఇద్దరూ చాలాసేపు బడి కబుర్లే చెప్పుకున్నారు. ఇక పెట్టేస్తారనగా ఆ స్నేహితురాలు తనంతట తనే, భర్త కాలం చేశాడని, కొడుకు దగ్గర ఉంటున్నానని చెప్పింది. ఆ బొమ్మ మనవడిదట. "మీవారు ఏం చేస్తారు" అని అక్క ఫొటో కింద అడిగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. అక్క పెద్ద మాటలేం అనలేదు. "నీకు చెప్పాలనిపించినప్పుడు చెప్పు, నేనున్నాగా" అంది.

దొరికిన సంబరంలో వెంటనే బ్యాచ్ గ్రూపులో చేర్చేయడం మాత్రం వద్దు. అక్కడ అందరూ ఒకేసారి పైన చెప్పిన ప్రశ్నలే అడుగుతారు. ఎవరెవరున్నారో చెప్పి, చేర్చమంటావా అని అడిగి ఆగాలి. మనం రాసినదానికి జవాబే రాకపోతే కొన్నాళ్లాగి, అదే ఫొటోలో ఆమె మొహం ఉన్నంతవరకు కత్తిరించి ఒక పలకరింపుతో ఇంకోసారి పంపొచ్చు. అప్పటికీ పలక్కపోతే వదిలెయ్యాలి. ఆ వయసును తలుచుకోవడమే బాధగా ఉన్నవాళ్లుంటారు.

మొదటి ఫోన్ కంటే రెండోది కష్టం, ఇది చాలామంది ఊహించరు. గుర్తున్న కబుర్లన్నీ మొదటిసారే అయిపోతాయి. అందుకే ఫోన్ పెట్టేముందు ఇద్దరికీ ఏదో ఒక పని మిగలాలి. వీళ్లకు అది ఫొటోలోనే దొరికింది. అట్ట ఒక మూల చెదలు తినేయడంతో ముందు వరుసలో కూర్చున్న ఒకమ్మాయి పేరు పోయింది. సుగుణ అని అక్క, కాదు సుశీల అని ఆమె. తేల్చుకోవడానికి అక్క లెక్కల మాస్టారి అమ్మాయి నంబరు సంపాదించింది. ఆవిడేమో ఇద్దరూ కాదు, ఆ పిల్ల మన సెక్షనే కాదు అంటోంది. ఇప్పుడు ముగ్గురూ దాని మీదే మాట్లాడుకుంటున్నారు.