రెండు వైపులా నష్టమే

అమెరికా మార్కెట్లో టీక్యూక్యూక్యూ అనే ఫండ్ ఉంది. నాస్‌డాక్-100 సూచీ ఏ రోజు ఎంత కదిలితే, ఆ రోజుకి దానికి మూడింతలు ఇవ్వాలన్నది దాని లక్ష్యం. దాని ప్రత్యర్థి ఎస్‌క్యూక్యూక్యూ మూడింతలు ఎదురు నడుస్తుంది. కిటుకంతా 'ఆ రోజుకి' అన్న మాటలోనే ఉంది.

సూచీ 100 దగ్గరుంది. ఇవాళ 10 శాతం పడి 90కి వచ్చింది, రేపు 11.1 శాతం లేచి మళ్లీ 100కి చేరింది. మూడింతల ఫండ్‌లో వంద రూపాయలు పెడితే మొదటి రోజు 70 అవుతాయి. రెండో రోజు 33.3 శాతం పెరుగుతాయి, కానీ ఆ 70 మీదే! చివరికి 93. పోనీ, ఎదురు ఫండ్ లాభపడిందా? 130కి ఎగబాకి, 87కి జారింది.

లెక్కను రోజూ మూడింతలకు సరిచేయాలి కనుక, సూచీ పెరిగాక ఫండ్ ఇంకా కొంటుంది, పడ్డాక అమ్ముతుంది. ఖరీదుకు కొని చవగ్గా అమ్మే బేరమిది. ఊగిసలాడే మార్కెట్లో రోజూ కాస్త అరుగుతుంది. ఒకే దిశలో సాగే మార్కెట్లో మాత్రం ఇదే పద్ధతి మూడింతలకు మించి ఇవ్వగలదు.

2022, 2023 రెండేళ్లూ కలిపి చూస్తే సూచీ కాస్త పెరిగింది. టీక్యూక్యూక్యూ మూడో వంతుకు పైగా కరిగింది. ఎస్‌క్యూక్యూక్యూ అయితే దాదాపు సగమైంది. ఒక్కరోజు పందేనికి కుట్టిన చొక్కాను రెండేళ్లు తొడిగితే జరిగేది ఇదే.