లోగో ఒక్కటే పంపితే చాలదు

1966లో న్యూయార్క్ సబ్‌వే స్టేషన్లలో బోర్డులన్నీ ఒకే తీరుకు తెచ్చే పనిని అక్కడి రవాణా సంస్థ యూనిమార్క్ అనే డిజైన్ కంపెనీకి అప్పగించింది. మాసిమో విన్యెల్లి, బాబ్ నూర్దా ఆ పని చేశారు. బోర్డును పైనుంచి పట్టి ఉంచే ఇనుప పట్టీని వాళ్లు తమ బొమ్మల్లో నల్లటి అడ్డగీతగా చూపించారు. బోర్డులు తయారుచేసే వర్క్‌షాపు వాళ్లు దాన్ని డిజైన్‌లో భాగమనుకుని, పట్టీ బిగించే బదులు బోర్డు మీదే నల్లగీత గీసేశారు. ఆ గీత అలాగే స్థిరపడిపోయింది. తర్వాత బోర్డులు నల్లగా, అక్షరాలు తెల్లగా మారినప్పుడు అది కూడా తెల్లగీతగా మారి ఇప్పటికీ కొనసాగుతోంది.

గీసినవాళ్లకూ తయారుచేసినవాళ్లకూ మధ్య ఒక్క వాక్యం లోపించడం వల్ల జరిగిన పని ఇది. 1970లో యూనిమార్క్ అక్షరాల సైజులు, వాటి మధ్య దూరాలు, రంగులు, బాణం గుర్తులు అన్నిటినీ వివరంగా చూపే మాన్యువల్‌ను తయారుచేసి ఇచ్చింది. ఇప్పుడు చిన్న వ్యాపారాలు కూడా తయారుచేయించుకుంటున్న ‘బ్రాండ్ గైడ్‌లైన్స్’ ఆ కోవకు చెందినవే. యజమానితో ఒక్కసారి కూడా మాట్లాడని మనిషి సైతం, ఆ పత్రం చూసి సరిగ్గా పని చేయగలగాలి. అందులో ఏముండాలో తేల్చే కొలత ఇదే.

గుంటూరులో ఒక పచ్చళ్ల సంస్థ ఉందనుకుందాం. సీసాల లేబుళ్లు ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో అచ్చవుతాయి. అట్టపెట్టెలు మరొకరు చేస్తారు. దుకాణం బోర్డు ఫ్లెక్స్ ప్రింటర్ పని. ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు హైదరాబాద్‌లోని ఓ ఫ్రీలాన్స్ డిజైనర్ చేస్తారు, ప్రకటనల మాటలు ఇంకొకరు రాస్తారు. ఈ ఐదుగురూ ఒకరికొకరు తెలియదు. గైడ్‌లైన్స్ లేకపోతే ఫ్లెక్స్ ప్రింటర్ వాట్సాప్ డీపీలోని లోగోనే పెద్దది చేసి పది అడుగుల బోర్డు మీద వేస్తాడు. అంచులన్నీ మెట్లుమెట్లుగా చీలిపోతాయి.

అందుకే ఆ పత్రానికి మొదట కావలసింది ఫైళ్ల ఫోల్డర్. లోగోను ఎంత పెంచినా చెదరని ఎస్‌వీజీ, పీడీఎఫ్ రూపాల్లోనూ, స్క్రీన్ కోసం వెనక రంగు లేని పీఎన్‌జీ రూపంలోనూ ఇవ్వాలి. ఏ పనికి ఏ ఫైలు వాడాలో పక్కనే రాయాలి. అసలు రంగుల్లో ఒకటి, పూర్తి నలుపులో ఒకటి, పూర్తి తెలుపులో ఒకటి తప్పనిసరి. అట్టపెట్టెల మీద సాధారణంగా ఒక్క రంగే అచ్చువేస్తారు. గోధుమరంగు అట్ట మీద ఎర్ర సిరా పడితే ఇటుకరంగులా తేలుతుంది. పెట్టెలకు నల్ల లోగోయే వాడాలని ముందే రాసిపెడితే, ఆ సంగతి వెయ్యి పెట్టెలు వచ్చాక తెలుసుకునే అవసరం రాదు.

లోగో చుట్టూ వదలాల్సిన ఖాళీని మిల్లీమీటర్లలో చెప్పడం కుదరదు. బోర్డుకూ సీసాకూ ఒకే కొలత పొసగదు కదా. లోగోలోని ఒక అక్షరం ఎత్తెంతో, నాలుగు వైపులా అంత ఖాళీ వదలమంటే ఏ సైజుకైనా సరిపోతుంది. కనీస సైజు మాత్రం అంకెల్లోనే ఉండాలి. తెలుగు లోగో మరీ చిన్నదైతే ముందు దెబ్బతినేది వత్తులు. వాటి సందుల్లోకి సిరా నిండి ‘క్ష’ కాస్తా మచ్చలా మారుతుంది. సంస్థవాళ్లు తమ లోగోను మూడు నాలుగు సైజుల్లో అచ్చువేయించి, ఏ సైజు దగ్గర వత్తు పూడుకుపోతోందో చూసి, దానికి పై సైజును కనీసంగా నిర్ణయించుకోవడం మేలు.

రంగు దగ్గర తగాదాలు ఎక్కువ. స్క్రీన్ కాంతితో రంగు చూపిస్తుంది, ప్రెస్సు సిరాతో చూపిస్తుంది. కాబట్టి ‘మిరపపండు ఎరుపు’ అని రాసి ఊరుకుంటే ఐదుగురూ ఐదు ఎరుపులు వేస్తారు. స్క్రీన్‌కు #C8102E వంటి కోడ్ ఇవ్వాలి. అచ్చుకు సయాన్, మెజెంటా, పసుపు, నలుపు నాలుగు సిరాల శాతాలు విడిగా రాయాలి. గోడకు వేసే పెయింటుకు షేడ్ కార్డు నంబరు కావాలి. ఇన్ని రాసినా నున్నటి లేబుల్ కాగితం మీద మెరిసే ఎరుపు, పీల్చుకునే కాగితం మీద మందంగా కనిపిస్తుంది. అంకెలతో పాటు, సంస్థ ఒప్పుకున్న లేబుల్ ముక్కనే నమూనాగా ప్రెస్సుకు ఇచ్చి, పగటి వెలుతురులో రెండూ పక్కపక్కన పెట్టి చూడమని రాస్తే వాదనకు తావుండదు.

తెలుగు అక్షరాలకు ఒక పేజీ ప్రత్యేకంగా కేటాయించాలి. చాలా పత్రాల్లో లోపించేది ఇదే. ఇంగ్లిష్ ఫాంటు పేరు రాసి వదిలేస్తే, తెలుగుకు ఎవరికి తోచింది వారు వాడతారు. రామభద్ర, మండలి, సురన్న వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారానికీ వాడుకోవచ్చు. శీర్షికకు ఏది, మామూలు పాఠానికి ఏది అన్నది పేరుతో సహా చెప్పాలి. వరసల మధ్య దూరం కూడా ఇంగ్లిష్ లెక్కన పెట్టకూడదు. పై వరసలోని వత్తు కింది వరసలోని గుడిని తాకుతుంది. అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్ల దూరంతో మొదలుపెట్టి, ‘స్త్రీ’, ‘లక్ష్మి’ లాంటి మాటలు పైనా కిందా పెట్టి సరిచూసుకోవాలి.

డిజైన్ సాఫ్ట్‌వేర్‌తో ఇంకో చిక్కుంది. ఇన్‌డిజైన్‌లో `Adobe World-Ready Paragraph Composer` ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి, అక్షరం పక్కన పొల్లుతో నిలబడతాయి. తెలుగు చదవలేని డిజైనర్‌కు అది తప్పని తెలియదు. అందుకే సరైన రూపం, విరిగిన రూపం పక్కపక్కన బొమ్మలుగా చూపించాలి. ప్రెస్సుకు పంపే ఫైల్లో అక్షరాలను కర్వ్స్‌గా మార్చమని కూడా రాయాలి. అప్పుడు అవతలి కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోయినా అచ్చు చెడదు. తర్వాత దిద్దుకోవడానికి మార్చని ఫైలు సంస్థ దగ్గరే ఉంచుకోవాలి.

మాటల పేజీ చిన్నదైనా సరే, నిర్దిష్టంగా ఉండాలి. ‘పచ్చళ్లు’ అనాలా ‘పచ్చళ్ళు’ అనాలా, బరువును ‘గ్రా.’ అని రాయాలా ‘గ్రాములు’ అని రాయాలా, కొనేవారిని ‘మీరు’ అనాలా ‘నువ్వు’ అనాలా అన్నవి తేల్చాలి. ఆరోగ్యం గురించి ఏ మాటలు అనకూడదో కూడా చెప్పాలి. చట్టం అడిగేవాటిని డిజైనర్ ఇష్టానికి వదలకూడదు. ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్కగా ఉండే శాకాహార గుర్తును లేబుల్‌కు నప్పుతుందని ఎరుపు చేయడానికి వీల్లేదు. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు ఎక్కడ రావాలో లేబుల్ బొమ్మ మీదే బాణం గుర్తుతో చూపాలి.

ఇవన్నీ కుదిరాక, సంస్థ గురించి ఏమీ తెలియని ఒక డిజైనర్‌కు ఆ పత్రం, ఫోల్డర్ మాత్రమే ఇచ్చి ఒక చిన్న పోస్టర్ చేయించాలి. ఆయన ఫోన్ చేసి అడిగే ప్రతి ప్రశ్నా పత్రంలో లేని ఒక వాక్యాన్ని చూపిస్తుంది. ఆ వాక్యాలు చేర్చి, మొదటి పేజీలో తేదీ, ఎన్నో ప్రతి అన్నది, అచ్చుకు వెళ్లే ముందు ఎవరు ఒప్పుకోవాలో వారి పేరు, ఫోన్ నంబరు రాయాలి. పత్రాన్ని ఒకే లింకులో ఉంచి వెండర్లందరికీ ఆ లింకే ఇవ్వాలి. పీడీఎఫ్‌ను చేతులు మారుస్తూ పోతే పాత ప్రతి ఏదో ఒక ప్రెస్సు కంప్యూటర్లో మిగిలిపోయి, లోగో మార్చిన ఏడాది తర్వాత కూడా పాత లేబుళ్లే అచ్చవుతాయి.